ఆదివారం కూడా ఇదే సమయం

2024 నవంబరులో మా స్వచ్ఛంద సంస్థ తరఫున షుగరు వ్యాధి మీద తెలుగులో ఒక వెబినార్ పెట్టాం. మాట్లాడేవాళ్లు నలుగురు. డల్లాస్‌లో ఉంటున్న ఎండోక్రినాలజిస్టు, లండన్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు, హైదరాబాదు నుంచి డైటీషియన్, గుంటూరు నుంచి చిరుధాన్యాల మీద పనిచేసి రిటైరైన వ్యవసాయ శాస్త్రవేత్త. వాళ్లకు రిహార్సల్ సంగతి మెయిల్ రాయడం నా వంతు. అక్టోబరు 28న నేను పంపింది ఇదీ:

“అందరికీ నమస్కారం. నవంబరు 2 శనివారం రాత్రి 8 గంటలకు (డల్లాస్ ఉదయం 9:30 సీఎస్‌టీ, లండన్ మధ్యాహ్నం 2:30) రిహార్సల్ పెట్టుకుందాం. 10వ తేదీ ఆదివారం కూడా ఇదే సమయం. జూమ్ లింకు కింద ఇస్తున్నాను. ఆడియో, వీడియో, ఇంటర్నెట్ ఒకసారి చెక్ చేసుకోగలరు.”

మర్యాదగా ఉంది, చిన్నగా ఉంది, కావలసినవన్నీ ఉన్నట్టే ఉన్నాయి. నలుగురూ “అలాగేనండీ” అని జవాబిచ్చారు. ఆ రెండు వారాల్లో జరిగిన ప్రతి ఇబ్బందీ ఈ నాలుగు వాక్యాల్లోంచే పుట్టింది. అందుకే దీన్ని దాచుకున్నాను, ఇప్పుడు వాక్యం వాక్యంగా విప్పి చూపిస్తున్నాను.

ముందు సమయం సంగతి. మెయిల్ రాసేటప్పుడు ఫోన్లో డల్లాస్ టైమెంతో చూశాను. మనకంటే పదిన్నర గంటలు వెనక. రాత్రి 8 అంటే అక్కడ ఉదయం 9:30. లెక్క సరైనదే, కానీ అది అక్టోబరు 28 నాటి లెక్క. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. 2024లో అది నవంబరు 3. అంటే మా రిహార్సల్ జరిగిన మర్నాడు. మన గడియారం ఏడాది పొడవునా కదలదు కాబట్టి, 2న డల్లాస్‌లో ఉదయం 9:30 అయిన మన రాత్రి 8 గంటలు, 10వ తేదీకి ఉదయం 8:30 అయిపోయాయి. “ఆదివారం కూడా ఇదే సమయం” అన్న నా వాక్యం మన దేశంలో ఉన్నవాళ్లకు నిజం, డల్లాస్‌లో ఉన్నావిడకు అబద్ధం.

లండన్ సంగతి ఇంకా చిత్రం. బ్రిటన్‌లో గడియారం వెనక్కి జరిపేది అక్టోబరు ఆఖరి ఆదివారం. ఆ ఏడు 27వ తేదీ, నేను మెయిల్ రాయడానికి ఒక్కరోజు ముందు. అందువల్ల లండన్‌కు నేను రాసిన 2:30 రెండు రోజులకూ సరిపోయింది. మెయిల్ ఒక వారం ముందు పంపి ఉంటే 3:30 అని రాసేదాన్ని, అదీ తప్పయ్యేది. ఏటా అక్టోబరు చివర్లో ఒక వారం, మార్చిలో రెండు మూడు వారాలు అమెరికా, బ్రిటన్ గడియారాలు కలిసి నడవవు. ఆ రోజుల్లో “విదేశాల్లో గంట మారుతుంది” అని మోటుగా గుర్తుపెట్టుకుంటే చాలదు, ఊరూరికీ విడిగా చూసుకోవాల్సిందే.

ఇందులో ఇంకో పొరపాటు కూడా ఉంది. నేను సీఎస్‌టీ అని రాశాను. నవంబరు 2న డల్లాస్ నడిచేది సీఎస్‌టీ మీద కాదు, సీడీటీ మీద. డాక్టరు గారు తెలిసినావిడ గనక శనివారం నాడు సీఎస్‌టీని పట్టించుకోకుండా 9:30 అంకెను నమ్మి వచ్చారు. 10వ తేదీ ఆదివారం కూడా ఆ అంకెనే నమ్మారు. మేం నలుగురం ఇక్కడ రాత్రి 8:10 దాకా ఆమె కోసం చూసి, రెండో ఉపన్యాసాన్ని ముందుకు తెచ్చి మొదలుపెట్టాం. నేను మెయిల్ మీద మెయిల్ పంపుతున్నాను. ఆమె ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఎందుకంటే అడగలేదు. ఆమె మన 8:50కి, తన లెక్కలో పది నిమిషాలు ముందుగానే, చక్కగా తయారై వచ్చారు. ఇన్సులిన్ గురించి ముప్పై నిమిషాలు చెప్పాల్సినావిడ పన్నెండు నిమిషాల్లో ముగించారు. నన్ను ఒక్కమాట అనలేదు. “మీ మెయిల్లో ఇదే సమయం అని ఉంటే అలారం మార్చలేదండీ” అని మాత్రం అన్నారు.

రెండోది లింకు. మెయిల్ కింద నేను పెట్టిన లింకు పోస్టరు మీద వేసిన రిజిస్ట్రేషన్ లింకు. ప్రేక్షకులందరికీ ఇచ్చినదే. వెబినార్ అన్నాక ఎవరైనా అందులోంచే వస్తారు కదా అనుకున్నాను. జూమ్ మీటింగుకూ జూమ్ వెబినార్‌కూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉందని నాకప్పటికి తెలియదు. మీటింగులో వచ్చినవాళ్లందరికీ మైకు, కెమెరా ఉంటాయి. వెబినార్‌లో ప్యానెలిస్టు వేరు, ప్రేక్షకుడు వేరు. ఎవరు ఏ లింకు నొక్కి వచ్చారన్నదే వాళ్లెవరో నిర్ణయిస్తుంది. ప్యానెలిస్టు పేరు, మెయిల్ చిరునామా మనం వెబినార్‌లో చేరిస్తే జూమ్ ఆయనకు నేరుగా ఒక ఉత్తరం పంపుతుంది. అందులో ఉండే లింకు ఆ ఒక్కరిదే, ఇంకొకరికి పంపకూడనిది. నేను నలుగురి పేర్లూ చేర్చాను, జూమ్ నలుగురికీ ఉత్తరాలు పంపింది కూడా. కానీ ఆ సంగతి నా మెయిల్లో ఒక్క ముక్క రాయలేదు. పైగా వేరే లింకు ఇచ్చాను.

దాంతో శ్రద్ధగా ఉండే ఇద్దరు, గుంటూరు మాస్టారూ లండన్ ఫార్మసిస్టూ, నేనిచ్చిన లింకులో ప్రేక్షకుల్లాగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ ధ్రువీకరణ ఉత్తరంలోంచి కార్యక్రమాన్ని క్యాలెండరులో వేసుకున్నారు కూడా. శనివారం రాత్రి 8 గంటలకు నేను రిహార్సల్ గది తెరిచి కూర్చున్నాను. డైటీషియన్ వచ్చారు, డాక్టరు గారు వచ్చారు. గుంటూరు నుంచి ఫోన్.

“అమ్మా, హోస్టు ఇంకా మొదలుపెట్టలేదని వస్తోంది. మీరు ఇంకా రాలేదా?”

“నేను లోపలే ఉన్నాను సార్. ఇద్దరు వచ్చేశారు కూడా.”

“మరి నాకేమో ఆగమంటోందే!”

ఈ సంభాషణ ఎక్కడ వినిపించినా రోగం ఒక్కటే. వెబినార్ పెట్టేటప్పుడు Enable Practice Session అన్న గడిలో టిక్ పెడితే, హోస్టు ముందుగా తెరిచే గదిలోకి ప్యానెలిస్టులు మాత్రమే రాగలరు. ప్రేక్షకులకు ఇంకా మొదలుకాలేదన్న సందేశమే కనిపిస్తుంది. మనం Start Webinar నొక్కాకే తలుపు వాళ్లకు తెరుచుకుంటుంది. కాబట్టి మనం రిహార్సల్‌లో ఉండగా ఒక ప్యానెలిస్టుకు “ఇంకా మొదలుకాలేదు” అని వచ్చిందంటే ఆయన నెట్టు బాగాలేదనీ కాదు, ఫోను పాతదనీ కాదు. ఆయన ప్రేక్షకుల లింకుతో వచ్చారు, అంతే. నాకది ఆ రాత్రి తెలియక, నెట్టు ఆపి మళ్లీ పెట్టండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి అంటూ ఇరవై నిమిషాలు ఆ పెద్దాయన్ని తిప్పలు పెట్టాను. చివరికి డైటీషియన్ గారే “ఆయనకు జూమ్ నుంచి వేరే మెయిల్ వచ్చి ఉంటుంది, స్పామ్‌లో చూడమనండి” అన్నారు. స్పామ్‌లోనే ఉంది.

ఈ రెండు లింకులనూ చూసి పోల్చుకోలేం. రెండూ పొడుగ్గా, zoom.us/w/ అన్న ముక్కతో, చివర అర్థంకాని అక్షరాల వరసతో ఉంటాయి. నొక్కాకే తేడా తెలుస్తుంది. కార్యక్రమం మొదలైపోయాక ఎవరైనా ఫోన్ చేసి “నా గొంతు వెళ్లట్లేదు” అంటే అడగాల్సింది ఒక్కటే: తెర కింద ఎడమ మూలన మైకు గుర్తు ఉందా, Audio Settings అని ఉందా? రెండోది ఉంటే ఆయన ప్రేక్షకుల్లో కూర్చున్నారు. అప్పుడు హోస్టు ప్రేక్షకుల జాబితాలో ఆయన పేరు వెతికి Promote to Panelist నొక్కాలి. తెర ఒక్క క్షణం మారి ఆయన పైకి వస్తారు. మాస్టారి విషయంలో 10వ తేదీన సరిగ్గా ఇదే చేయాల్సి వచ్చింది. శనివారం అసలు లింకు వాట్సాప్‌లో పంపి పని గడిపాను గానీ, ఆయన క్యాలెండరులో ప్రేక్షకుల లింకు అలాగే ఉండిపోయింది. ఆదివారం ఫోన్ గుర్తుచేసింది, ఆయన దాన్నే నొక్కారు. ఎవరైనా అదే చేస్తారు. పాత లింకును తీసేయమని చెప్పకుండా కొత్త లింకు ఇస్తే, ఆ రోజున ఏది ముందు కంటపడితే అదే గెలుస్తుంది.

మూడోది “చెక్ చేసుకోగలరు”. నా మెయిల్ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే, ఎందుకంటే పని చేయించినట్టు కనిపిస్తుంది, ఏమీ చేయించదు. రోజూ జూమ్ వాడే మనిషికి అన్నీ బాగానే ఉన్నాయని ముందే నమ్మకం. అందుకే చూడకుండానే “ఓకే” అంటారు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు. ఏం చూడాలో నేను చెప్పలేదు.

మా రిహార్సల్‌లో లింకుల గొడవ తీరాక మిగిలిన పది నిమిషాలూ పలకరింపులతో గడిచాయి. స్లైడ్లు ఇంకా పూర్తికాలేదని డైటీషియన్ గారంటే, పరవాలేదు ఆ రోజు చూపించండి అన్నాను. ఆ రోజు ఆమె Share నొక్కారు. ఆమెది కొత్త మ్యాక్‌బుక్. మ్యాక్‌లో ఏ యాప్ అయినా తెరను చూపించాలంటే సెట్టింగుల్లో Privacy & Security కిందికి వెళ్లి ఆ యాప్‌కు అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక ఆ యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. ఒకసారి చేస్తే చాలు, కానీ ఆ ఒక్కసారి వందల మంది చూస్తుండగా వచ్చింది. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమయ్యారు. ప్రేక్షకులకు నేను ఏవో నాలుగు మాటలు చెబుతూ నెట్టుకొచ్చాను. రిహార్సల్‌లో ఆమెను ఒక ఖాళీ స్లైడు చూపించమన్నా ఈ అడ్డంకి అప్పుడే బయటపడి పోయేది. స్లైడ్లు పూర్తికావడానికీ తెర చూపించడానికీ సంబంధం లేదన్న చిన్న సంగతి నాకు తట్టలేదు.

తర్వాతి వెబినార్ 2025 మార్చి 16న, అదే నలుగురితో, అదే విషయం మీద రెండో భాగం. రిహార్సల్ మార్చి 8 శనివారం. మళ్లీ మధ్యలో అమెరికా గడియారం మారే రోజు పడింది, మార్చి 9. ఈసారి కలిపి ఒకే మెయిల్ రాయలేదు, నలుగురికీ విడివిడిగా రాశాను. అరగంట పని పెరిగింది. డాక్టరు గారికి వెళ్లినది ఇలా ఉంది:

“విషయం: రిహార్సల్ – మార్చి 8 శనివారం, డల్లాస్ ఉదయం 8:30

డాక్టరు గారూ, నమస్కారం.

రిహార్సల్: మార్చి 8 శనివారం, మీకు ఉదయం 8:30 (హైదరాబాదులో రాత్రి 8). అరగంట.
వెబినార్: మార్చి 16 ఆదివారం, మీకు ఉదయం 9:30 (హైదరాబాదులో రాత్రి 8). మీరు 9 గంటలకే లోపలికి రావాలి.
మధ్యలో 9వ తేదీన మీ గడియారం గంట ముందుకు వెళ్తుంది, అందుకే ఈ తేడా. రెండింటికీ క్యాలెండర్ ఆహ్వానాలు విడిగా పంపాను, అవి అంగీకరిస్తే మీ ఫోనే సరిచూసుకుంటుంది.

మీ లింకు ఇది. రెండు రోజులకూ ఇదే. ఇది మీ ఒక్కరికే, దయచేసి ఎవరికీ పంపవద్దు. పోస్టరు మీది లింకులో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. ఇప్పటికే చేసుకుని ఉంటే ఆ క్యాలెండర్ నమోదును తీసేయండి.

వెబినార్ రోజున వాడబోయే కంప్యూటరు, ఇయర్‌ఫోన్లు, గదిలోంచే రిహార్సల్‌కు రండి. స్లైడ్లు సగమే ఉన్నా సరే, తెర మీద చూపించి రెండు పేజీలు తిప్పుతారు.

గురువారంలోగా ఈ మూడింటికి జవాబు ఇవ్వండి: ఏ కంప్యూటరు, విండోసా మ్యాకా? స్లైడ్లలో వీడియో ఏదైనా ఉందా? ఆ గంటలో మీకు నేరుగా ఫోన్ చేయగల నంబరు ఏది?”

సమయాన్ని చదివేవాళ్ల ఊరిపేరుతో రాశాను, మూడక్షరాల పొట్టిపేర్లు వదిలేశాను. మన సమయం బ్రాకెట్లోకి పోయింది. లండన్ వాళ్లకు రెండు రోజులకూ మధ్యాహ్నం 2:30 అనే రాశాను, ఎందుకంటే బ్రిటన్ గడియారం ఆ ఏడు మారేది మార్చి 30న. రిహార్సల్‌కూ వెబినార్‌కూ ఒకే లింకు ఉంచడం కావాలని చేసిందే. రిహార్సల్‌కు వేరే మామూలు మీటింగు పెట్టుకునేవాళ్లను చూశాను. అలా చేస్తే అసలు రోజున ఎవరో ఒకరు పాత గదిలోకి వెళ్లి ఒంటరిగా కూర్చుంటారు. పైగా మీటింగులో సాధన చేస్తే, తమ లింకు తమను ప్యానెలిస్టుగా తీసుకొస్తోందో లేదో తేలదు. ప్రాక్టీసు గది అదే వెబినార్‌లో భాగం గనక, శనివారం పనిచేసిన లింకు ఆదివారమూ పనిచేస్తుంది. జాగ్రత్తపడాల్సింది హోస్టు ఒక్కరే, రిహార్సల్‌లో పొరపాటున Start Webinar మీద చెయ్యి పడకూడదు.

మూడు ప్రశ్నలనూ లేచి చూడకుండా జవాబు చెప్పలేని విధంగా పెట్టాను. వీడియో ఉందా అని అడగడానికి కారణముంది. తెర చూపించేటప్పుడు Share sound టిక్ పెట్టకపోతే వీడియోలో బొమ్మ కదులుతుంది, శబ్దం ప్రేక్షకులకు చేరదు. చూపించేవాళ్లకు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి తమకు తాముగా కనిపెట్టలేరు.

గుంటూరు మాస్టారికి ప్రశ్నలు వేరే. ఆయన నెట్టు నెమ్మది, స్లైడ్లు నేనే నా కంప్యూటరు నుంచి చూపిస్తానన్నాను. “పీపీటీ గురువారంలోగా పంపండి, దాంతోపాటు పీడీఎఫ్ కూడా” అని రాశాను. పీపీటీ తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, ఇంగ్లిషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలిసిన గజిబిజి. ఆయన ఏళ్లుగా వాడుతున్నవి అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు. అవి లేని కంప్యూటర్లో తెలుగు ఇలాగే కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో మాత్రం అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి, ఫాంటు అందులోనే ఇమిడి ఉంది గనక. కొర్రలు, సామలు, అరికెల పట్టిక అంతా పీడీఎఫ్ నుంచే చూపించాం. మెయిల్లో ఆ ఒక్క మాట లేకపోతే ఇది కూడా ఆదివారం రాత్రే తెలిసేది.

ఆయన్ని అడిగిన ఇంకో ప్రశ్న: “కిందటిసారి కరెంటు పోయినప్పుడు వైఫై కూడా పోయిందా?” ఇన్వర్టరు ఉందా అని అడిగితే ఉందంటారు, నిజంగానే ఉంటుంది. కానీ ఫైబర్ కనెక్షన్ పెట్టె చాలా ఇళ్లలో ఇన్వర్టరుకు కలవని ప్లగ్గులో ఉంటుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది, నెట్టు పోతుంది. మాస్టారు వెళ్లి చూసి, హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ ఆ పెట్టె దీపాలు ఆరిపోతున్నాయని చెప్పారు. వాళ్లబ్బాయి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేసి మార్చాడు. దానికి తోడు ఫోన్ హాట్‌స్పాట్‌కు లాప్‌టాప్‌ను ఒకసారి కలిపి చూడమన్నాను. అప్పటికప్పుడు పాస్‌వర్డు వెతుక్కోవడం ఎవరివల్లా కాదు.

మార్చి 8న నలుగురూ రెండు నిమిషాల్లో లోపలికొచ్చారు. ఒక్కొక్కరూ వరసగా మైకు తెరిచి రెండు వాక్యాలు మాట్లాడి, స్లైడు చూపించి ఆపారు. డాక్టరు గారు బ్లూటూత్ ఇయర్‌బడ్లు పెట్టుకున్నారు. వాటి మైకు వాడుకునేసరికి గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు అయింది. వైరున్న ఇయర్‌ఫోన్లకు మారితే తేటపడింది. అది ఆమెకు వినిపించే సమస్య కాదు, ఇవతలివాళ్లు చెప్తేనే తెలిసేది. మెయిల్‌తో తేల్చలేని పరీక్ష ఏదైనా ఉందంటే అది గొంతే. అందుకే ఆ అరగంటలో మొదటి పది నిమిషాలూ దానికే ఉంచాను.

లండన్ ఫార్మసిస్టు మాత్రం ఆసుపత్రి లాప్‌టాప్ నుంచి వచ్చారు, తెర చూపించడం వాళ్ల ఐటీవాళ్లు ఆపేశారు. ఇంట్లో వాళ్లమ్మాయి కంప్యూటరు ఉందట, దాన్నుంచే వస్తానన్నారు. 16వ తేదీ దాకా ఆగకుండా మర్నాడు మధ్యాహ్నమే ఆ కంప్యూటరుతో పది నిమిషాలు ప్రాక్టీసు గదిలోకి రమ్మని, లింకు అదేనని, మళ్లీ ఒక చిన్న మెయిల్ రాశాను.